బార్ మోకాలి దగ్గర ఆగితే తప్పు మోకాలి దగ్గరే ఉందా?

మే నెల సాయంత్రం, గాజువాకలో మేం చేసే చిన్న జిమ్. ఏసీ లేదు, రెండు ఫ్యాన్లు ఉన్నాయి, రెండూ వేడిగాలే విసురుతున్నాయి. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్ట్ డ్యూటీ చేసే ఒక తమ్ముడు 185 కిలోల డెడ్‌లిఫ్ట్ ఎత్తబోయాడు. బార్ నేల మీద నుంచి చకచకా లేచింది. మోకాలి చిప్ప దాటి ఇంకో నాలుగు వేళ్లు పైకి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. తొడలు వణికాయి, రెండు సెకన్లు పెనుగులాడాడు, వదిలేశాడు. నాలుగు నెలలుగా ఇదే కథ. 180 వస్తుంది, 182.5 రాదు.

"అన్నా, నాకు లాకౌట్ వీక్. రేపట్నుంచి రాక్ పుల్స్ పెడతాను" అన్నాడు.

లాకౌట్ అంటే చివర్లో పూర్తిగా నిటారుగా నిలబడటం, రాక్ పుల్ అంటే బార్‌ని నేల నుంచి కాకుండా మోకాలి ఎత్తు నుంచే లాగడం. బార్ పైన ఆగింది కాబట్టి పైన బలం లేదనడం వినడానికి న్యాయంగానే ఉంది. కానీ బార్ ఆగిన చోటు, తప్పు జరిగిన చోటు చాలాసార్లు ఒకటి కావు. కదిలే బార్‌కి ఊపు ఉంటుంది. కింద పొజిషన్ చెడినా ఆ ఊపు దాన్ని కొంత దూరం మోసుకుపోతుంది. అది అయిపోయిన చోట బార్ ఆగుతుంది. మనం ఆగిన చోటునే చూసి తీర్పు చెప్పేస్తాం.

అతని బలహీనత నేల దగ్గరా, లాకౌట్ దగ్గరా, వీపు పైభాగంలోనా అని తేల్చడానికి మాకు ఒక వారం పట్టింది. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు బలహీనత అంటూ ఒకటుందా? నైట్ షిఫ్టులు, సరిపోని నిద్ర, చాలీచాలని తిండి ఉన్న మనిషికి అన్ని లిఫ్టులూ కలిసే ఆగుతాయి. అప్పుడు వెతకాల్సింది వీక్ పాయింట్‌ని కాదు, మంచాన్ని. ఇతని స్క్వాట్ మాత్రం అదే నాలుగు నెలల్లో పది కిలోలు పెరిగింది. అలసటే కారణమైతే స్క్వాట్ కూడా ఆగిపోయేది. కాబట్టి గొడవ డెడ్‌లిఫ్ట్‌లోనే ఉందని నమ్మి ముందుకెళ్లాం.

ఇంకో చిన్న పని, టేపు తెచ్చి ప్లేట్ కొలవడం. పోటీల్లో వాడే 20 కిలోల ప్లేట్ అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, అంటే బార్ మధ్యభాగం నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మన దగ్గర పాత ఇనుప ప్లేట్లు చాలావరకు దీనికంటే చిన్నవి. మా జిమ్‌లో కొలిస్తే 42 వచ్చింది. అంటే బార్ సెంటీమీటరున్నర కిందనుంచి మొదలవుతోంది. పెద్ద తేడా కాదు. కానీ 38 సెంటీమీటర్ల ప్లేట్లు ఉన్నచోట చేసేవాడు తనకు తెలియకుండానే ప్రతిసారీ డెఫిసిట్ డెడ్‌లిఫ్ట్, అంటే ఎత్తు మీద నిలబడి ఇంకా కిందనుంచి ఎత్తడం, చేస్తున్నట్టే. అలాంటివాడు "నేల దగ్గర వీక్" అనుకుంటే సగం తప్పు ప్లేట్‌ది.

ఇక వీడియో. ఫోన్‌ని పక్కనుంచి, నడుము ఎత్తులో, ఒక బెంచీ మీద నిలబెట్టాలి. స్నేహితుడి చేతికిస్తే ముందుకొచ్చి, వంగి, ముఖం తీస్తాడు, పనికిరాదు. ఫెయిలైన లిఫ్టు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఫెయిలయ్యేటప్పుడు అందరి ఒళ్లూ అన్ని చోట్లా వంకరపోతుంది. తేలిగ్గా వచ్చే బరువు ఒకటి, కష్టపడి వచ్చే బరువు ఒకటి తీసి పక్కపక్కన పెట్టాలి. మేం 140, 170 తీశాం. తరవాత వీడియోని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడిపి లెక్కపెట్టాం. సెకనుకి 30 ఫ్రేములు. 140తో నేల నుంచి మోకాలి వరకు 20 ఫ్రేములు, మోకాలి నుంచి పైదాకా 16. 170తో నేల నుంచి మోకాలికి 28, అక్కణ్ణుంచి పైకి 55.

అంకెలు చూడగానే తమ్ముడు "చెప్పానా!" అన్నట్టు నా వైపు చూశాడు. నిజమే, కింద భాగం ఎనిమిది ఫ్రేములే పెరిగితే పైభాగం మూడింతలైంది. స్టాప్‌వాచ్ ఒక్కటే ఉంటే నేనూ లాకౌట్ అనే అనేవాణ్ణి.

కానీ 170 వీడియోలో తొమ్మిదో ఫ్రేము దగ్గర ఆపి చూశాం. బార్ నేల వదిలి అరచేయంత ఎత్తు కూడా లేవలేదు. అప్పటిదాకా బల్లలా ఉన్న వీపు పైభాగం, రెక్కల ఎముకల మధ్య, గూని కట్టింది. మరో రెండు ఫ్రేములకి బార్ కాలి ఎముకని వదిలి ముందుకి జరిగింది. ఎంత జరిగిందో కొలవడానికి ప్లేటే స్కేలు. స్క్రీన్ మీద ప్లేట్ అడ్డుకొలత 42 సెంటీమీటర్లని తెలుసు కాబట్టి, బార్‌కీ కాలికీ మధ్య సందు సుమారు 3 సెంటీమీటర్లని తేలింది. 140 వీడియోలో ఈ రెండూ లేవు. వీపు మొదట్లో ఎలా ఉందో పైదాకా అలాగే ఉంది, బార్ కాలిని రాసుకుంటూ పోయింది.

మూడు సెంటీమీటర్లంటే చిటికెన వేలి రెండు కణుపులంత. దానికింత రాద్ధాంతమా అనిపిస్తుంది. బార్ మోకాలి ఎత్తులో ఉన్నప్పుడు తుంటి కీలుకీ బార్‌కీ మధ్య అడ్డంగా ఉండే దూరం ఇతనికి దాదాపు 25 సెంటీమీటర్లు అనుకుందాం. తుంటి మీద పడే మెలితిప్పు ఆ దూరాన్నీ బరువునీ గుణిస్తే వస్తుంది. 25 కాస్తా 28 అయితే, శరీరం బరువుని పక్కనపెట్టి స్థూలంగా లెక్కేసినా, 170 కిలోలు తుంటికి 190 కిలోల్లా తగులుతాయి. 190 ఎత్తలేని మనిషి అక్కడ అంతసేపు పెనుగులాడటంలో వింతేముంది? పైగా బార్ ముందుకి పోతే బరువు మడమల మీద నుంచి వేళ్ల మీదకొస్తుంది, పిరుదులు తోయాల్సిన పని నడుము లాగాల్సి వస్తుంది.

గూని వీపుతో ఇంకో చిక్కుంది, అదే ఈ మొత్తం వ్యవహారంలో జనాన్ని బోల్తా కొట్టించేది. వీపు పైభాగం వంగితే మొండెం పొడవు తగ్గినట్టవుతుంది. తుంటి బార్‌కి కొంచెం దగ్గరవుతుంది. అందువల్ల నేల మీద నుంచి ఎత్తడం తేలికవుతుంది. పెద్ద బరువులెత్తే కొందరు కావాలనే కొంత వంపుతో మొదలుపెట్టడం వెనక కారణం ఇదే. కానీ లిఫ్టు పూర్తవ్వాలంటే భుజాలు వెనక్కి, నిటారుగా నిలబడాలి. కింద వదిలేసిన వీపుని పైన, బార్ తొడలకి ఆనుకుని వేలాడుతుండగా, మళ్లీ సాపు చేసుకోవాలి. మోకాళ్లు అప్పటికే సాగిపోయి ఉంటాయి, కాళ్ల సాయం అందదు. నేల దగ్గర తీసుకున్న అప్పుని లాకౌట్ దగ్గర వడ్డీతో కట్టినట్టు. అందుకే నేల దగ్గర చురుగ్గా, పైన జీడిపాకంలా సాగే లిఫ్టు చూస్తే నేను మొదట అనుమానించేది వీపు పైభాగాన్ని, గ్లూట్స్‌ని కాదు.

అనుమానాన్ని పరీక్షించకుండా మందు వెయ్యకూడదు కదా. ఆ వారంలోనే నాలుగు పరీక్షలు పెట్టాం.

మొదటిది పట్టు. విశాఖలో ఉంటూ దీన్ని వదిలెయ్యడం అన్యాయం. సముద్రపు గాలికి బార్ తుప్పు పడుతుంది, నూనె గుడ్డతో తుడుస్తారు, గరుకంతా అరిగి నున్నబడిపోతుంది. మన చేతులేమో మార్చి నుంచి అక్టోబర్ దాకా తడిగానే ఉంటాయి. చాక్ వాడితే నేల పాడవుతుందని గొడవ. వేళ్లు తెరుచుకుంటున్నాయని తెలియగానే ఒళ్లు తనంతట తనే లాగడం తగ్గిస్తుంది. చూసేవాళ్లకి అది అచ్చం లాకౌట్ వీక్‌నెస్‌లా కనిపిస్తుంది. కాబట్టి మణికట్టుకి స్ట్రాప్స్ చుట్టి అదే 170 ఎత్తించాం. తొమ్మిదో ఫ్రేములో అదే గూని, అదే సందు. పట్టు తప్పేమీ లేదు. స్ట్రాప్స్‌తో సాఫీగా వచ్చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

రెండోది డెఫిసిట్. 5 సెంటీమీటర్ల చెక్క మీద నిలబడి 150. తడబాటు లేకుండా వచ్చింది. నేల దగ్గర లోటు ఉన్నవాడికి ఈ అదనపు లోతు వెంటనే తెలిసిపోతుంది. బార్ కదలకముందే పిరుదులు పైకి ఎగిరిపోతాయి, లేదా బార్ నేలకి అతుక్కుపోతుంది.

మూడోది లాకౌట్‌కి సూటి పరీక్ష. ప్లేట్ల కింద దిమ్మలు పెట్టి, బార్‌ని సరిగ్గా అతను ఆగిపోయే ఎత్తులో, అంటే మోకాలికి కాస్త పైన ఉంచాం. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ ఎత్తులో జనం మామూలుగా చేసేదేమిటంటే మోకాళ్లు బార్ కిందకి తోసి, మొండెం నిటారుగా పెట్టి, కుర్చీలోంచి లేచినట్టు లేస్తారు. అలా చేస్తే 30, 40 కిలోలు ఎక్కువ రావడం మామూలే. కానీ డెడ్‌లిఫ్ట్ మధ్యలో ఎవరూ ఆ పొజిషన్‌లో ఉండరు. అందుకే రాక్ పుల్‌లో అంకె పెరుగుతుంది, నేల మీద నుంచి ఎత్తే అంకె ఉన్నచోటే ఉంటుంది. మేం 140 వీడియోలో బార్ ఆ ఎత్తులో ఉన్న ఫ్రేముని చూసి, మోకాళ్లు, మొండెం అదే వాలులో పెట్టించాం. వీపు సాపుగా. 200 కిలోలు ఆగకుండా వచ్చేశాయి. అదే దిమ్మల మీద, 170 వీడియోలో కనిపించిన గూనితో 180 పెట్టి ఎత్తమంటే కదిలించి వదిలేశాడు. ఈ రెండో భాగాన్ని నేనెవరికీ సలహా ఇవ్వను. ఒక్కసారి, అతను అడిగాడు కాబట్టి చేశాం. లాకౌట్ బలం ఉంది, అక్కడికి చేరే తీరు బాగోలేదు.

నాలుగోది ఆపి ఎత్తడం. బార్‌ని కాలి ఎముక మధ్యలో రెండు సెకన్లు నిలిపి, తరవాత పైకి. ఊపుకి ఇక్కడ చోటు లేదు. వీపు పైభాగం గట్టిగా ఉన్నవాడు తన గరిష్ఠ బరువులో 75 శాతం దాకా ఆకారం చెడకుండా ఆపగలగాలని నా లెక్క. ఇది నా అనుభవం చెప్పే అంకె, శాస్త్రం కాదు. ఇతనికి అది 135 అవ్వాలి. 130 దగ్గరే, రెండో సెకనులో, వీపు జారిపోయింది.

వీపు పైభాగం అన్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. చంకల కింద నుంచి నడుము దాకా పరుచుకున్న ల్యాట్స్ బార్‌ని కాళ్లకి దగ్గరగా లాగి పెడతాయి. వెన్నెముక పక్కన తాళ్లలా ఉండే కండరాలు వీపుని వంగకుండా నిలబెడతాయి. వీపు ఆకారం బాగానే ఉండి బార్ మాత్రమే దూరం జరిగితే ల్యాట్స్ సంగతి చూడాలి. చాలాసార్లు బలం కంటే అలవాటే లోపం, చంకలు బిగించి మొదలుపెట్టడం నేర్చుకుంటే సర్దుకుంటుంది. బార్ కాలికి అంటుకునే ఉండి వీపు వంగితే ఆ తాళ్ల పని. ఇతనికి రెండూ జరిగాయి, కానీ గూని రెండు ఫ్రేములు ముందు. కాబట్టి అసలు దోషి వెన్ను పక్కన కండరాలు, ల్యాట్స్ వాటి వెనకే జారాయి.

ఇక్కడ మిగతా ఇద్దరు నిందితుల గురించి కొంచెం చెప్పాలి. నిజమైన లాకౌట్ లోపం, అంటే వీపు సాపుగా, బార్ తొడలకి దగ్గరగా మోకాలు దాటాక కూడా ఆగిపోవడం, సూట్ లేకుండా మామూలు పద్ధతిలో ఎత్తేవాళ్లలో నేను చాలా తక్కువ చూశాను. రాక్ పుల్స్, చెయిన్లు, బ్యాండ్లు వగైరా సలహాలు చాలావరకు బిగుతైన సూట్లు వేసుకుని ఎత్తే పవర్‌లిఫ్టర్ల ప్రపంచంలో పెరిగాయి. ఆ సూట్ కింద వంగినప్పుడు సాగి, స్ప్రింగులా సాయం చేస్తుంది. పైకొచ్చేసరికి ఆ సాయం అయిపోతుంది. వాళ్లకి లాకౌట్ నిజంగానే బలహీనమైన చోటు. టీషర్టు వేసుకుని ఎత్తే మనం ఆ సలహాని అలాగే దించేసుకున్నాం.

నేల దగ్గర లోపాన్ని పోల్చుకోవడం తేలిక. 2.5 కిలోలు పెంచితే చాలు, బార్ వేలెడంతైనా లేవదు. లేచిందంటే మాత్రం పైదాకా వచ్చేస్తుంది. చాలామంది దీనికి మందుగా బార్‌ని కుదుపుతో లాగడం మొదలుపెడతారు, మోచేతులు వంచి. వేగం అలా రాదు. బైసెప్స్ కండరం తెగే ప్రమాదం మాత్రం వస్తుంది. చేతులు తిన్నగా ఉంచి, ప్లేట్ రంధ్రంలో బార్ పైకి తగిలి 'టక్' మనే దాకా మెల్లగా బిగించి, అప్పుడు కాళ్లతో నేలని తొయ్యాలి. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టర్లు కూడా నేల దగ్గర తొందరపడరు. మన పక్క శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి అక్కడ ఎత్తినవి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు. ఆ లిఫ్టుల్లో అసలు వేగం బార్ మోకాలు దాటాక వస్తుంది. కింద పొజిషన్ చెడకపోవడమే ముఖ్యం.

మళ్లీ మన తమ్ముడి దగ్గరికి. రాక్ పుల్స్ ఆలోచన పక్కన పెట్టించి, ఎనిమిది వారాలకి సరిపడా పని రాసిచ్చాను. వారంలో ఒక రోజు ఆపి ఎత్తే డెడ్‌లిఫ్ట్, మూడేసి రెప్స్ మూడు సెట్లు, 115తో మొదలు. వారానికి 2.5 కిలోలు పెంపు, కానీ షరతు ఒకటి: వీడియోలో వీపు ఆకారం మారితే ఆ వారం పెంపు లేదు. ఇంకో రోజు మామూలు డెడ్‌లిఫ్ట్, 150 దాటకుండా, ఒక్కొక్క రెప్ చొప్పున ఐదుసార్లు. 150 ఎందుకంటే గూని రాని బరువుల్లో అదే ఆఖరిది. దాన్ని దాటి చేసే ప్రతి రెప్పూ పాత అలవాటుకే ప్రాక్టీసు.

ఆ పైన రెండు వ్యాయామాలు, అంతే. ఒకటి ఫ్రంట్ స్క్వాట్, కింద రెండు సెకన్లు ఆగుతూ, 80 కిలోలతో నాలుగేసి రెప్స్ మూడు సెట్లు. బార్ భుజాల ముందు ఉంటుంది కాబట్టి వీపు పైభాగం వంగిందంటే బార్ జారి పడిపోతుంది, దొంగతనానికి వీల్లేదు. రెండోది బార్‌బెల్ రో, మొండెం నేలకి దాదాపు సమాంతరంగా పెట్టి, ప్రతి రెప్పూ నేల మీద నుంచి. 65 కిలోలతో ఎనిమిదేసి మూడు సెట్లు. మొదట 90 పెట్టుకుని నడుముతో ఊపుతుంటే తగ్గించాను. ఊపితే పనంతా నడుముది, మనకి కావలసిన చోటికి చేరదు. రో బరువు తగ్గించమంటే మగాళ్లకెందుకో పౌరుషం వస్తుంది.

నాలుగో వారం నైట్ షిఫ్టులు పడ్డాయి, 122.5 దగ్గర వీపు జారింది, ఆ వారం పెంచలేదు. మిగతావి సాగాయి. ఎనిమిదో వారానికి ఆపి ఎత్తేది 130కి చేరింది, ఈసారి మూడు రెప్స్, సాపు వీపుతో. మధ్యలో ఎప్పుడైనా నడుములో పోటు, కాలిలోకి జిమజిమ వచ్చి ఉంటే ఇదంతా ఆపి డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణి, రాలేదు.

తొమ్మిదో వారం మళ్లీ అదే బెంచీ మీద ఫోన్, అదే 170. నేల నుంచి మోకాలికి 31 ఫ్రేములు, మోకాలి నుంచి పైకి 34. పైభాగంలో 55 నుంచి 34కి దిగింది. కానీ కింద భాగం 28 నుంచి 31కి పెరిగింది. తమ్ముడికి టెన్షన్ పట్టుకుంది, నేల దగ్గర స్లో అయిపోయానని. నాకది మంచి కబురులా వినిపించింది. నేల దగ్గర అప్పు తీసుకోవడం మానేశాడు కాబట్టి అక్కడ అసలు ఖరీదు కనిపించింది.

నాలుగు రోజుల తరవాత 182.5 వచ్చింది, పది నిమిషాలకి 187.5 కూడా. ఉత్సాహంలో 192.5 పెట్టాడు. బార్ వంగింది, 'టక్' మంది, ప్లేట్లు నేల వదల్లేదు. వీపు మాత్రం బల్లలాగే ఉంది.

"ఏటన్నా ఇది, అప్పుడు డెఫిసిట్‌లో బాగానే వచ్చింది కదా?" అన్నాడు.

వచ్చింది. అప్పుడు తీసిన డెఫిసిట్ వీడియో మళ్లీ తీసి, ఈసారి వీపు మీద కన్నేసి చూశాను. 150కే, ఎనిమిదో ఫ్రేములో, పల్చగా వంపు. ఆ రోజు బార్ వేగం చూసి పాస్ చేశాను, ఆకారం చూడలేదు. మర్నాడు చెక్క ఎత్తు 3 సెంటీమీటర్లకి తగ్గించి, 125తో డెఫిసిట్ మొదలుపెట్టాం.